ఉద్దెర పట్టీలో వచ్చేదెంత, రానిదెంత?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారం చేసే కుటుంబాలకు పనికివచ్చే విషయం ఏదైనా చెప్పమని పెద్దలు కోరారు. మన దుకాణాల్లో ఏటా మార్చి 31న తయారయ్యే ఒక కాగితాన్ని గురించి మాట్లాడదలిచాను. ఎవరెవరు ఎంత బాకీ, ఎన్ని రోజుల నుంచి బాకీ అని గుమాస్తా రాసి ఇచ్చే పట్టీ అది. ఇరవై లక్షలు రావాలి అని ఆ పట్టీ చెబుతుంది. ఇరవై లక్షలూ రావని యజమానికి తెలుసు, గుమాస్తాకూ తెలుసు. మరి ఎంత వస్తుంది? ఈ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పేవారు తక్కువ. "ఏదో ఐదు శాతం తీసెయ్యండి" అనేవారే ఎక్కువ.

ఏడాది ఏడాదికీ దుకాణం ఒకరి చేతిలోనే ఉన్నంత కాలం ఈ ఉజ్జాయింపుతో పని గడిచిపోతుంది. భాగస్వామి ఒకరు విడిపోయినప్పుడు, తండ్రి కాలం చేసి వారసుల వాటాలు తేలవలసి వచ్చినప్పుడు చిక్కు వస్తుంది. సరుకును తూచి పంచవచ్చు, నగదును లెక్కబెట్టి పంచవచ్చు. బాకీలను మాత్రం కాగితం మీది అంకె చూసే పంచుకుంటారు. పెద్దవాడు మిర్యాలగూడ ఖాతాలు తీసుకుంటాడు, చిన్నవాడు కోదాడ ఖాతాలు తీసుకుంటాడు. రెండేళ్ళ తరువాత ఒకరికి డబ్బు వస్తుంది, ఇంకొకరికి కాగితం మిగులుతుంది. "నన్ను మోసం చేశారు" అనే మాట అక్కడ పుడుతుంది. నిజానికి మోసం ఎవరూ చేసి ఉండరు. లెక్క కట్టిన పద్ధతిలోనే లోపం ఉంటుంది.

కామర్సు పాఠ్యపుస్తకాల్లో దీన్ని సంశయాత్మక బాకీల ఏర్పాటు అంటారు. రావేమో అని అనుమానం ఉన్న మొత్తాన్ని ముందే అంచనా వేసి, ఈ ఏటి లాభంలోంచి పక్కన పెట్టడమే ఆ ఏర్పాటు. ఫలానా వారి బాకీ ఇక రాదు అని నిశ్చయమైతే అది రాని బాకీ. దాన్ని ఖాతాలోంచి కొట్టివేస్తాము. ఏర్పాటు అలా కాదు. ఎవరి పేరూ కొట్టివేయము, ఎవరి దగ్గరా వసూలు మానము. మొత్తం మీద ఇంత రాకపోవచ్చు అని మాత్రమే ఒప్పుకుంటాము.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఇది ఏ దుకాణం లెక్కా కాదు. సులువుగా అర్థం కావడానికి గుండ్రటి అంకెలు వేశాను. సూర్యాపేటలో ఒక హోల్‌సేల్ దుకాణం ఉందనుకోండి. మోటార్లు, పంపుసెట్లు, బెల్టులు, బేరింగులు, మిల్లుల రబ్బరు రోల్స్ అమ్ముతుంది. మిర్యాలగూడలో రైసు మిల్లులకు, కోదాడలో చిల్లర హార్డ్‌వేర్ దుకాణాలకు, సూర్యాపేట చుట్టుపక్కల రైతులకు ఉద్దెర ఇస్తుంది. మార్చి 31న బిల్లు తేదీ నుంచి లెక్కబెట్టిన పట్టీ ఇలా ఉంది.

| బిల్లు వయసు | మిర్యాలగూడ మిల్లులు | కోదాడ దుకాణాలు | సూర్యాపేట రైతులు | మొత్తం |
|---|---|---|---|---|
| 90 రోజుల లోపు | 3,00,000 | 4,00,000 | 3,00,000 | 10,00,000 |
| 91 నుంచి 180 | 3,00,000 | 60,000 | 2,00,000 | 5,60,000 |
| 181 నుంచి 365 | 1,50,000 | 30,000 | 1,20,000 | 3,00,000 |
| ఏడాది దాటినవి | 50,000 | 10,000 | 80,000 | 1,40,000 |
| మొత్తం | 8,00,000 | 5,00,000 | 7,00,000 | 20,00,000 |

మామూలుగా గుమాస్తా చివరి వరుస మొత్తాలనే చూస్తాడు. కొత్త బిల్లులకు 1 శాతం, తరువాతి వాటికి 5, ఆపైన 15, ఏడాది దాటితే 50 శాతం అని అందరికీ ఒకటే రేటు వేస్తాడు. 10,000, 28,000, 45,000, 70,000. అన్నీ కలిపితే 1,53,000 రూపాయలు. చూడటానికి బాగానే ఉంది. పాత బాకీకి ఎక్కువ, కొత్త బాకీకి తక్కువ వేశాడు. అయినా ఇందులో ఒక తప్పు దాగి ఉంది. నాలుగు నెలల బాకీ అనే మాటకు మూడు ఊళ్ళలోనూ ఒకటే అర్థం అని అతడు అనుకున్నాడు.

కోదాడ చిల్లర దుకాణదారును తీసుకోండి. అతని గల్లాపెట్టెలో రోజూ నగదు పడుతుంది. మన మనిషి వెళ్ళినప్పుడల్లా ఎంతో కొంత కడతాడు. అలాంటివాడు నాలుగు నెలలు కట్టలేదంటే, సరుకు అమ్ముడై డబ్బు ఇంకెక్కడో పెట్టాడన్న మాట, లేదా మనల్ని వదిలి వేరే హోల్‌సేల్ దుకాణం పట్టాడన్న మాట. అతని విషయంలో నాలుగు నెలలు అంటే జబ్బు ముదిరినట్టే.

మిర్యాలగూడ మిల్లు సంగతి వేరు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం కొన్నప్పుడు మిల్లు డబ్బంతా ధాన్యంలో చిక్కుతుంది. ఆడించిన బియ్యం పోయి, దాని సొమ్ము చేతికి వచ్చాకనే మన బెల్టులకూ రోల్స్‌కూ బిల్లు కడతారు. నాలుగు నెలలు, ఆరు నెలలు అక్కడ మామూలు. ఆలస్యం అవుతుంది గాని డబ్బు వస్తుంది.

ఇక రైతు. అతని బాకీని రోజులతో కాక పంటలతో లెక్కబెట్టాలి. మార్చి 31న 91 నుంచి 180 రోజుల వరుసలో ఉన్న బిల్లులు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలవి. అంటే యాసంగికి కొన్న మోటార్లు. ఆ పంట ఇంకా కోతకే రాలేదు. ధాన్యం మార్కెట్టుకు వచ్చాక ఏప్రిల్, మే నెలల్లో కడతాడు. అతడు ఎగ్గొట్టాడని ఇప్పుడే అనడానికి వీల్లేదు. 181 రోజులు దాటిన బిల్లులు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఉన్నవి. వానాకాలం పంట అమ్ముకున్నాడు, అయినా కట్టలేదు. అంటే ఒక పంట దాటిపోయింది. అనుమానం అక్కడ మొదలవుతుంది. పట్టీలో పక్కపక్కనే ఉన్న ఈ రెండు వరుసల మధ్య రైతు విషయంలో పెద్ద తేడా ఉందన్న మాట.

అందుచేత మూడు పట్టీలూ విడదీయాలి. ఊరును బట్టి విడదీయమని నేను అనడం లేదు, కట్టే తీరును బట్టి విడదీయాలి. ఈ లెక్కలో ఊరూ తీరూ ఒకటే అయినాయి గనుక సులువైంది. మిర్యాలగూడలో ఒక చిల్లర దుకాణం ఉంటే దాన్ని కోదాడ దుకాణాలతోనే చేర్చాలి.

మరి ఒక్కో పట్టీకి రేటు ఎక్కడి నుంచి వస్తుంది? మన పాత పుస్తకాల నుంచే. కోదాడ 91 నుంచి 180 రోజుల వరుసకు రేటు కావాలనుకోండి. రెండు, మూడు, నాలుగేళ్ళ కిందటి మార్చి 31 పట్టీలు బయటికి తీయండి. ఆ వరుసలో అప్పుడున్న ఒక్కొక్క బిల్లునూ పట్టుకుని, ఆ తరువాత ఏమైందో ఖాతాలో చూడండి. మొదటి ఏడు 50,000 ఉంటే 10,000 రాలేదు. రెండో ఏడు 40,000కి 7,000 రాలేదు. మూడో ఏడు 60,000కి 13,000 రాలేదు. మొత్తం 1,50,000లో 30,000 పోయింది. అంటే 20 శాతం. శాతాలను సగటు తీయకుండా రూపాయలనే కలిపి భాగించండి. లేకపోతే చిన్న మొత్తం ఉన్న ఏడు పెద్ద మొత్తం ఉన్న ఏటితో సమానమై కూర్చుంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. వాపసు వచ్చిన సరుకును, మనమే తగ్గించిన ధరను రాని బాకీలో కలపవద్దు. అది అమ్మకం తగ్గడం, బాకీ మునగడం కాదు. రెండవది, వచ్చిన డబ్బును గుమాస్తా ఏ బిల్లుకు జమ వేస్తున్నాడో చూడండి. పార్టీ ఇచ్చిన చెక్కు పడగానే పాత బిల్లు తీరినట్టు రాసి, చెక్కు తిరిగి వస్తే ఆ రోజు తేదీతో కొత్త బాకీ రాసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఏడాది బాకీ ఒక్క రోజులో పసిబిడ్డ అవుతుంది. తిరిగి వచ్చిన చెక్కు మొత్తాన్ని అసలు బిల్లు తేదీకే తిరిగి చేర్చాలి. ఈ లోపం ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. 90 రోజుల లోపు వరుసలో ఉన్న బాకీకి సరిపడా అమ్మకం బిల్లులు ఆ మూడు నెలల్లో ఉన్నాయా అని సరిచూడండి. బిల్లు లేని కొత్త బాకీ కనిపిస్తే, పాతదానికి కొత్త చొక్కా తొడిగారని అర్థం.

అలా మూడు పట్టీలకూ పాత చరిత్ర చూస్తే ఈ కింది రేట్లు వచ్చాయనుకుందాం.

| బిల్లు వయసు | మిల్లులు | దుకాణాలు | రైతులు |
|---|---|---|---|
| 90 రోజుల లోపు | అర శాతం | 1 శాతం | 2 శాతం |
| 91 నుంచి 180 | 1 శాతం | 20 శాతం | 6 శాతం |
| 181 నుంచి 365 | 4 శాతం | 50 శాతం | 25 శాతం |
| ఏడాది దాటినవి | 30 శాతం | 90 శాతం | 60 శాతం |

వీటితో కడితే మిల్లుల మీద 25,500, దుకాణాల మీద 40,000, రైతుల మీద 96,000 వస్తుంది. మొత్తం 1,61,500 రూపాయలు. "ఇంత శ్రమపడితే తేడా ఎనిమిదిన్నర వేలేనా? ముందటి పద్ధతి ఏం పాపం చేసింది?" అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఈ ఏడు మొత్తాలు దగ్గరగా వచ్చింది కేవలం అదృష్టం. విడివిడిగా చూడండి. ఒకే రేటు పద్ధతిలో మిల్లుల మీద 65,500 పడింది, కోదాడ మీద 16,500 మాత్రమే పడింది. అంటే వచ్చే డబ్బును రాదనుకున్నాము, రాని డబ్బును వస్తుందనుకున్నాము. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పుకున్నాయి.

ఆ కప్పు ఎలా తొలగిపోతుందో చూడండి. వచ్చే ఏడు కూడా 91 నుంచి 180 రోజుల వరుసలో మొత్తం 5,60,000 ఉందనుకోండి. రైతులవి అవే 2,00,000. మిల్లులవి మాత్రం 1,00,000కి తగ్గాయి, కోదాడవి 2,60,000కి పెరిగాయి. గుమాస్తా 5 శాతం వేస్తే పోయిన ఏటి లాగానే 28,000 వస్తుంది. ఏ మార్పూ లేదని సంతకం పెడతాడు. విడిగా కడితే మిల్లులు 1,000, దుకాణాలు 52,000, రైతులు 12,000. మొత్తం 65,000. పోయిన ఏడు ఇదే వరుసలో విడిగా కట్టింది 27,000. బాకీ ఒక్క రూపాయి పెరగకుండానే నష్టం 38,000 పెరిగింది. కోదాడలో వసూలు ఆగిపోతున్నదనే కబురు అది. ఒకే రేటు పద్ధతిలో ఆ కబురు యజమాని చెవిన పడదు.

ఈ పద్ధతికీ ఒక హద్దు ఉంది. శాతాలు ఎక్కువ మంది ఉన్నచోట నిజమవుతాయి. రెండు వందల మంది రైతులుంటే ఇంతమంది కట్టరు అని చెప్పవచ్చు. పది మిల్లులుంటే అలా చెప్పలేము. ఒక్కో మిల్లు బాకీ పెద్దది, అది వస్తే పూర్తిగా వస్తుంది, పోతే పూర్తిగా పోతుంది. కనుక మిల్లుల పట్టీలో శాతం వేసే ముందు పేర్లు చదవాలి. మన లెక్కలో 181 నుంచి 365 రోజుల వరుసలో 1,50,000 ఉంది. అందులో 90,000 ఒకే మిల్లుది, ఆ మిల్లుకు తాళం పడిందని అందరికీ తెలుసు. దాని సరుకు బ్యాంకు తాకట్టులో ఉంది, ముందు బ్యాంకు బాకీ తీరాలి. మనకు 30,000 వస్తే గొప్ప అని ఊరివారి అంచనా. అప్పుడు ఆ పేరును శాతం లెక్కలోంచి బయటికి తీసి దానికి విడిగా 60,000 పెట్టాలి. మిగిలిన 60,000 మీద 4 శాతం 2,400. ఆ వరుసకు 6,000 బదులు 62,400 అవుతుంది. మిల్లుల మొత్తం 81,900కు, దుకాణం మొత్తం ఏర్పాటు 2,17,900కు చేరుతుంది.

రెండవ హద్దు కాలానికి సంబంధించింది. పాత రేట్లు ఆ పాత ఏళ్ళవి. అవి కాలువకు నీళ్ళు నిండుగా వచ్చిన ఏళ్ళయి ఉండి, ఈ ఏడు ఎడమ కాలువ కింద వరి నాట్లు పడకపోతే, రైతుకు 6 శాతం రేటు చెల్లదు. మిల్లుకూ ధాన్యం ఉండదు. అప్పుడు రేటు పెంచాలి. ఎంత పెంచాలో తెలియడానికి పాత పుస్తకాల్లో కరువు ఏడు ఒకటి వెతికి, ఆ ఒక్క ఏటి రేటు ఎంతో చూడండి. ఊహించి వేసిన అంకె కన్నా అది నయం. ఎందుకు పెంచామో పట్టీ కిందనే రెండు వాక్యాలు రాసి తేదీ వేయండి. లాభం ఎక్కువైన ఏడు దాచుకోవడానికి, తక్కువైన ఏడు పైకి తీయడానికి ఈ ఏర్పాటును వాడుకుంటే అది లెక్క కాదు, గారడీ.

పెద్ద కంపెనీలకు ఇదే దారి ఇప్పుడు నియమంగా ఉంది. మన దేశంలో 2016 నుంచి దశలవారీగా అమలులోకి వచ్చిన ఇండ్ ఏయెస్ 109 అనే ప్రమాణం, వసూలు చరిత్రలు వేరువేరుగా ఉన్న ఖాతాదారులను వేరువేరు గుంపులుగా చూసి, వయసు వారీ రేట్లు కట్టి, ఆపైన రాబోయే పరిస్థితికి సరిదిద్దమంటుంది. మన చిన్న దుకాణాలకు ఆ నిర్బంధం లేదు. తర్కం మాత్రం మనకూ వర్తిస్తుంది.

ఇక పుస్తకంలో రాయడం. పోయిన ఏటి ఏర్పాటు 1,50,000 ఉందనుకోండి. ఈ ఏడు 45,000 నిజంగా మునిగితే దాన్ని ఆ ఏర్పాటులోంచి కొట్టివేశాము. మిగిలింది 1,05,000. కావలసింది 2,17,900. కనుక ఈ ఏటి లాభనష్టాల ఖాతాకు రాయవలసింది 1,12,900 మాత్రమే. మొత్తం 2,17,900 మళ్ళీ రాస్తే ఒకే నష్టాన్ని రెండుసార్లు మోసినట్టవుతుంది. ఆస్తి అప్పుల పట్టీలో 20,00,000 చూపి, అందులోంచి 2,17,900 తీసివేసి, 17,82,100 అని రాయాలి. ఆదాయపు పన్ను సంగతి కూడా గుర్తుంచుకోండి. ఏర్పాటుగా పక్కన పెట్టిన మొత్తానికి మనలాంటి వ్యాపారులకు పన్నులో మినహాయింపు దొరకదు, ఖాతాలోంచి కొట్టివేసిన బాకీకే దొరుకుతుంది. అందుచేత ఆ రెండు అంకెలూ విడివిడిగా ఉండాలి.

ఏడాది దాటిన వరుసను గురించి ఒక మాట. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఉద్దెర సరుకు సొమ్ముకు సాధారణంగా మూడేళ్ళ లోపలే దావా వేయాలి. ఆ గడువు ముగియకముందే బాకీదారు "ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క మొదలవుతుంది. కనుక ఆ వరుసను ఒకే మూటగా ఉంచక, రెండున్నరేళ్ళు దాటిన పేర్లను విడిగా రాసుకోండి. సంతకం ఉన్న బాకీకీ, గడువు దాటిన బాకీకీ ఒకే 60 శాతం వేయడం సరికాదు.

చివరగా పంపకం మాట. ఇదే పట్టీని ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటున్నారనుకోండి. కోదాడ ఖాతాలు తీసుకున్న తమ్ముడికి కాగితం మీద 5,00,000. ఒకే రేటు పద్ధతిలో అది 4,83,500. చరిత్ర చూసి కడితే 4,60,000. ఈ 23,500 తేడాను ఎవరూ దొంగిలించలేదు, కాని అతని వాటాలోంచి అది పోయింది. మిల్లుల ఖాతాలు తీసుకున్న అన్నకు తాళం పడిన మిల్లు సంగతి ముందే చెప్పకపోతే అతనికీ అన్యాయమే. పంచుకునే రోజున మూడు పట్టీలు, మూడు వరుసల రేట్లు, ఆ రేట్లు ఏ ఏళ్ళ నుంచి వచ్చాయో తెలిపే పాత పట్టీలు అందరి ముందూ పెట్టి, సంతకాలు తీసుకోండి. పెద్ద మిల్లుల వంటి పేర్లకు ధర కట్టకుండా, వచ్చినప్పుడు వచ్చినంత వాటాల ప్రకారం పంచుకుందామని రాసుకోవడం ఇంకా మేలు.

పాత పట్టీలను పారేయకుండా దాచి ఉంచినవారికే ఈ లెక్క సాధ్యమవుతుంది. ఈ మార్చి 31న రాసే పట్టీ, మూడేళ్ళ తరువాత మీ పిల్లలకు రేటు చెప్పే పట్టీ అవుతుంది. దాన్ని ఖాతా పుస్తకంతో పాటు భద్రపరచవలసిందిగా మనవి.